అక్షం మీద ఇరవై సెంటీమీటర్లు

అనంతపద్మనాభం గారు ముప్పై ఒక్క ఏళ్ళు ఇంటర్ పిల్లలకు ఫిజిక్స్ చెప్పారు. అందులో చివరి పన్నెండేళ్ళు సైదాబాద్‌లో మా ప్రైవేటు కాలేజీలోనే. నేను అక్కడ మ్యాథ్స్ చెప్పేవాణ్ణి. నన్ను ఆ ఉద్యోగంలో పెట్టించింది కూడా ఆయనే. "రామ్‌చందర్ లెక్కల మనిషి, నమ్మొచ్చు" అని ప్రిన్సిపాల్‌తో అన్నారట. ఆ మాట నాకు చాలా రోజుల తర్వాత తెలిసింది. తెలియకుండా ఉంటేనే బాగుండేదని ఇప్పుడనిపిస్తుంది.

ఆయన వాళ్ళు పాతబస్తీలో నాలుగు తరాలుగా గుడి సేవలో ఉన్నవాళ్ళు. తండ్రి తర్వాత అర్చకత్వం అన్నగారికి వచ్చింది. రెండోవాడైన ఈయన సైకిల్ మీద యూనివర్సిటీకి వెళ్ళి ఎమ్మెస్సీ చేశారు. సర్కారు ఉద్యోగం రాలేదు. ఒక కాలేజీ మూతపడితే ఇంకో కాలేజీ, అది వదిలితే మరొకటి, అలా బతుకు గడిచింది. పిల్లలు లేరు. భార్య సూర్యప్రభ గారు ఇంట్లో నలుగురికి సంగీతం చెప్పేవారు. బోర్డు మీద ఆయన గీత స్కేలు పెట్టి గీసినట్టు ఉండేది. ఎడమ చేతి వైపు మైనస్ గుండ్రం, కుడి చేతి వైపు ప్లస్ గుండ్రం, మైనస్ నుంచి ప్లస్ వైపు బాణం. డైపోల్, అంటే జంట చార్జీల పాఠం ఎప్పుడూ అలాగే మొదలయ్యేది. ఆ తర్వాత క్లాసు మొత్తం చేత పాడించేవారు.

"అక్షం మీద?"

"రెండు, ముందుకు."

"లంబం మీద?"

"ఒకటి, వెనక్కు."

అంటే, డైపోల్ మధ్య నుంచి ఒకే దూరంలో రెండు చోట్ల చూస్తే, రెండు చార్జీల గుండా పోయే గీత మీద విద్యుత్ క్షేత్రం రెండింతలు ఉంటుంది, బాణం దిక్కునే ఉంటుంది. మధ్యలో నిటారుగా లేచే గీత మీద దానిలో సగమే ఉంటుంది, బాణానికి ఎదురు దిక్కులో ఉంటుంది. పిల్లలు ఈ నాలుగు మాటలు నేర్చుకుని మార్కులు తెచ్చుకునేవాళ్ళు. పబ్లిక్ పరీక్షలో మా కాలేజీ ఫిజిక్స్ ఫలితాలు ఆ చుట్టుపక్కల అందరికంటే మెరుగ్గా ఉండేవి. అందుకే ఆయన మాటకు స్టాఫ్‌రూములో ఎదురుండేది కాదు.

బేబీ మా దగ్గర సెకండియర్ చదివేది. వాళ్ళది జల్‌పల్లి. తండ్రి ఇశ్రాయేలు డ్రైనేజీ మోరీలు శుభ్రం చేసే పనిలో పర్మనెంటు ఉద్యోగి. తల్లి కాశమ్మ ఒక అపార్టుమెంటులో పనిచేసేది. పొద్దున్నే రెండు బస్సులు మారి వచ్చే పిల్ల. పెద్దగా మాట్లాడేది కాదు. నా క్లాసులో ఒక అలవాటు గమనించాను. సూత్రం రాసేముందు అది ఎక్కడి నుంచి వచ్చిందో మార్జిన్‌లో చిన్నగా కట్టుకునేది. దానివల్ల పేపరు పూర్తి చేయడంలో ఎప్పుడూ వెనకబడేది.

సెప్టెంబరులో ఒక పరీక్ష పెట్టారు. ఎంట్రన్సుల కోసం ముప్పైమందిని ఏరి ప్రత్యేక బ్యాచ్ కట్టడానికి. ఆ బ్యాచ్‌లో పడితే వేరే గది, రోజంతా మంచి లెక్చరర్లు, సాయంత్రం డౌట్ల క్లాసు. పడకపోతే మామూలు సెక్షన్లో డెబ్బై మందిలో ఒకరు. ఫిజిక్స్ పేపరు అనంతపద్మనాభం గారే తయారుచేశారు. అందులో ఎనిమిది మార్కుల ప్రశ్న ఇది: రెండు నానో కూలుంబుల ప్లస్ చార్జి, అంతే మైనస్ చార్జి, ఇరవై సెంటీమీటర్ల ఎడంలో ఉన్నాయి. మధ్య బిందువు నుంచి ఇరవై సెంటీమీటర్ల దూరంలో, అక్షం మీద, లంబ సమద్విఖండన రేఖ మీద విద్యుత్ క్షేత్రం ఎంత, ఏ దిక్కులో?

పిల్లలంతా సూత్రంలో అంకెలు వేశారు. అక్షం మీద కూలుంబుకు తొమ్మిది వందల న్యూటన్లు, లంబం మీద నాలుగు వందల యాభై. రెండింతలు, ఎదురు దిక్కు. కీలో కూడా అవే అంకెలు.

బేబీ ఒక్కతే అక్షం మీద పదహారు వందలు, లంబం మీద మూడు వందల ఇరవై రెండు అని రాసింది. దిక్కులు మాత్రం అందరిలాగే. అనంతపద్మనాభం గారు బొమ్మకు రెండు మార్కులు వేసి, మిగతా పేజీకి అడ్డంగా ఎర్ర గీత కొట్టారు. ముప్పయ్యో పేరుకు నాలుగు మార్కుల దూరంలో ఆమె ఆగిపోయింది.

పేపర్లు ఇచ్చిన రోజు ఆమె క్లాసులో లేచి నిలబడిందట. నేను పక్క గదిలో ఉన్నాను. మధ్యలో సగం ఎత్తు చెక్క గోడే కాబట్టి అన్నీ వినపడ్డాయి.

"సార్, నాలుగో ప్రశ్నల నాకు ఎందుకు కొట్టేసిన్రు?"

"ఫార్ములా రాయలే. ఇష్టమొచ్చినట్లు కట్టినవ్. అక్షం మీద ఎంత?"

"అది చార్జిలు బాగ దగ్గర దగ్గర ఉండి, మనం దూరం ఉంటేనే సార్. ఇక్కడ ప్లస్ చార్జి మన పాయింట్‌కు పది సెంటీమీటర్లల్లనే ఉన్నది. మైనస్ ముప్పై సెంటీమీటర్ల అవతల ఉన్నది. అందుకే రెండు వేరువేరుగ కట్టిన."

"ముప్పై ఏండ్ల సంది చెప్తున్న. ఒకటికి రెండు, గంతే. నీకెవరు చెప్పిన్రు వేరువేరుగ కట్టుమని?"

"ఎవ్వరు చెప్పలే సార్. కూలుంబ్ లా నుంచే..."

"మరి ఇంట్ల ఎవరు నేర్పిన్రు? మీ బాపా?"

క్లాసు నవ్వింది. వాళ్ళ బాపు ఏం పని చేస్తాడో అందరికీ తెలుసు. ఆమె కూర్చోలేదు. "మా బాపు ముచ్చట ఎందుకు సార్, లెక్క చూడున్రి" అంది. గొంతు పెరగలేదు. కానీ ఆయన ముప్పై ఏళ్ళ సర్వీసులో క్లాసులో నిలబడి 'చూడండి' అని చెప్పిన పిల్లలు లేరు. పుస్తకం బల్ల మీద పడేసి ప్రిన్సిపాల్ గదికి వెళ్ళిపోయారు.

మర్నాడు ఇశ్రాయేలును ప్రిన్సిపాల్ గదికి పిలిపించారు. బేబీ, అనంతపద్మనాభం గారు ముందే అక్కడున్నారు; ఆ పిల్లకు లెక్కలు చెప్పేవాణ్ణని నన్నూ పిలిచారు. డ్యూటీ మధ్యలో వచ్చినట్టున్నాడు, కాళ్ళు కడుక్కుని ప్యాంటు మడతలు విప్పుకుని గదిలోకి వచ్చాడు. కుర్చీ చూపించినా కూర్చోలేదు. ప్రిన్సిపాల్ మాధవ్ మర్యాదగానే మాట్లాడాడు. క్లాసులో లెక్చరర్‌కు ఎదురు చెప్పిందనీ, క్షమాపణ రాసిస్తే సరిపోతుందనీ అన్నాడు.

ఇశ్రాయేలు కూతురి వైపు చూశాడు. "తప్పు చేసినవా బిడ్డా?"

"లేదు బాపు. నా లెక్క కరెక్టే."

ఆయన అయోమయంగా మా ముగ్గురి వైపు చూశాడు. నన్ను లెక్కల సార్‌గా పేరెంట్స్ మీటింగులో ఒకసారి చూశాడు. ఆ గుర్తుతోనే కావచ్చు, పేపరు నా వైపు జరిపి, "సార్, నాకు సదువు రాదు. మీరన్న ఒకసారి చూసి చెప్పున్రి. మీరు ఏదంటే అది" అన్నాడు.

నేను చూశాను. చూడడానికి రెండు నిమిషాలు కూడా పట్టలేదు. ఆమె పద్ధతి చదువు వచ్చిన ఎవరికైనా తేటగా అర్థమయ్యేటట్టు ఉంది. ప్లస్ చార్జి పది సెంటీమీటర్ల నుంచి పద్దెనిమిది వందలతో బయటికి తోస్తుంది. మైనస్ చార్జి ముప్పై సెంటీమీటర్ల నుంచి రెండు వందలతో వెనక్కి లాగుతుంది. మిగిలేది పదహారు వందలు. లంబం మీద రెండు చార్జీలూ సమాన దూరంలో ఉన్నాయి, ఒక్కొక్కటి మూడు వందల అరవై. ఒకటి తోస్తుంది, ఇంకొకటి లాగుతుంది. నిలువు భాగాలు ఒకదాన్నొకటి కొట్టేసుకుంటాయి. అడ్డం భాగాలు కలిసి, బాణానికి ఎదురుగా, మూడు వందల ఇరవై రెండు. ఒకటికి రెండు కాదు, దాదాపు ఒకటికి ఐదు. సూత్రం చాలా దూరంలో ఉన్న బిందువులకే పనికొస్తుంది. ఇది దూరం కాదు. పిల్లదే కరెక్టు.

అనంతపద్మనాభం గారు కిటికీ దగ్గర నిలబడి ఉన్నారు. మాధవ్ నన్నే చూస్తున్నాడు. నా కాంట్రాక్టు మళ్ళీ రాసేది జూన్‌లో.

"ఫిజిక్స్ సార్ కీ ఇచ్చిన్రు గద" అన్నాను. "కీ ప్రకారమే మార్కులు."

నేను అబద్ధం చెప్పలేదు. ఆ సంవత్సరం పొడుగూతా నాకు నేను అదే చెప్పుకున్నాను.

ఇశ్రాయేలు తల ఊపాడు. క్షమాపణ కాగితం కూతురి ముందు పెట్టి "రాయి" అన్నాడు. ఆమె రాయనంది. "బాపు, నేను తప్పు రాయలే, తప్పని ఎట్ల రాస్తా" అంది. అప్పుడు కొట్టాడు. చెంప మీద, ఒక్కటే. కొట్టగానే తన చెయ్యి వైపు చూసుకున్నాడు. తర్వాత ఎవరితో చెప్తున్నాడో తెలియకుండా "ఎన్నడు చెయ్యెత్తలే సార్, పుట్టినప్పటి సంది" అన్నాడు.

ఆమె రాసింది. మాధవ్ చెప్పిన మాటలే రాసింది: 'నా లెక్క తప్పు. సార్ చెప్పినదే కరెక్టు. ఇంకోసారి ఎదురు మాట్లాడను.' అక్షరాలు ఎప్పటిలాగే గుండ్రంగా ఉన్నాయి. కింద ఇశ్రాయేలు సంతకం చేశాడు. ఆయనకు వచ్చిన రాత అదొక్కటే.

ఆ రోజు తర్వాత బేబీ కాలేజీకి రాలేదు. వారం రోజులకు ఆఫీసు నుంచి ఫోన్ చేశారు, ఎవరూ ఎత్తలేదు. పది రోజులకు హాజరు పట్టీలో ఆమె పేరు మీద ఎర్ర గీత పడింది. నేను ఒకసారి జల్‌పల్లి వెళ్దామనుకున్నాను. ఆదివారం అనుకున్నది వచ్చే ఆదివారానికి జరిగింది. అలా దసరా, దీపావళి గడిచాయి.

డిసెంబరు మొదటి వారం. మామూలు సెక్షన్లో రివిజన్ జరుగుతోంది. అనంతపద్మనాభం గారు డైపోల్ బొమ్మ గీసి నాలుగు మాటలు పాడించారు. చివరి బెంచీలో శ్రవణ్ అనే కుర్రాడు లేచాడు. తెలివైనవాడని ఎవరూ అనుకోని పిల్లాడు. ఎదిరించాలని కాదు, నిజంగానే అర్థం కాక అడిగాడు.

"సార్, అక్షం మీద పది సెంటీమీటర్ల కాడికి పోతే ప్లస్ చార్జి మీదనే నిలబడ్డట్టు గదా? అక్కడ మస్తు ఉండాలె, లెక్కకే అందద్దు. ఫార్ములాల ఏస్తే మాత్రం ఏడు వేల రెండు వందలు వస్తుంది. గట్లెట్ల సార్?"

ఆయన చాక్‌పీసు పట్టుకుని బోర్డు వైపు తిరిగారు. బొమ్మలో ప్లస్ గుండ్రం మీద చుక్క పెట్టి ఆగారట. పిల్లలు గుసగుసలు మొదలుపెట్టారు. "అది చార్జి మీద పనిచెయ్యది. దూరం ఉంటేనే" అని ఆయన అన్నారు. అన్న తర్వాత చాక్‌పీసు బల్ల మీద పెట్టేసి, పీరియడ్ ఇంకా ఇరవై నిమిషాలుండగానే బయటికి వచ్చారు.

స్టాఫ్‌రూములో నేను ఒక్కణ్ణే ఉన్నాను. ఆయన నా ఎదురుగా కూర్చుని ఒక తెల్ల కాగితం తీసుకున్నారు. రెండు గుండ్రాలు గీశారు. పది, ముప్పై అని రాశారు. పద్దెనిమిది వందలు, రెండు వందలు. పెన్ను ఆగింది. మళ్ళీ లంబం వైపు కట్టారు. పదహారు వందలు, మూడు వందల ఇరవై రెండు అని రెండుసార్లు గుండ్రం చుట్టారు. ఆయన చెంపలు మెల్లగా రంగు మారడం చూశాను.

"రామ్‌చందర్. ఆ జల్‌పల్లి పిల్ల ఇదే రాసింది గద?"

"అవును సార్."

"ఆ రోజు పేపరు నువ్వు చూసినవ్."

నేను కాగితం మీది గుండ్రాల వైపు చూశాను.

"నీకు తెలిసిందా?"

తెలియలేదని చెప్పొచ్చు. అలా చెప్పాలనే అనుకున్నాను. కానీ ఆయన కళ్ళు నా మీదే ఉన్నాయి.

"తెలిసింది సార్."

ఆయన నన్ను ఏమీ అనలేదు. తిట్టి ఉంటే నాకు కొంచెం తేలికయ్యేది. కాగితం మడతపెట్టి జేబులో పెట్టుకుని, "ఇంటి అడ్రసు ఆఫీసుల ఉంటది, పట్టుకరా" అన్నారు.

ఆ సాయంత్రమే ఇద్దరం ఆటోలో జల్‌పల్లి వెళ్ళాం. కొత్తగా వేసిన కాలనీ, చిన్న చిన్న ప్లాట్లు, సగం ఇళ్ళకు ఇంకా ప్లాస్టరింగు లేదు. చర్చి పక్క సందులో ఇశ్రాయేలు ఇల్లు. కాశమ్మ మమ్మల్ని గుర్తుపట్టలేదు. సార్లమని చెప్పగానే కంగారుగా లోపలికి వెళ్ళి రెండు ప్లాస్టిక్ కుర్చీలు తెచ్చి వాకిట్లో వేసింది. ఇశ్రాయేలు అప్పుడే డ్యూటీ నుంచి వచ్చి స్నానం చేసినట్టున్నాడు, తల తడిగా ఉంది. చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

"మళ్ళ ఏమన్న లొల్లి అయిందా సార్?" అన్నాడు.

"లేదు ఇశ్రాయేలు. పాప ఏది?"

బేబీ ఇంకా రాలేదు. దగ్గరలో ప్లాస్టిక్ సామాను చేసే షెడ్డులో ప్యాకింగు పనికి పోతోందట, నవంబరు నుంచి. ఆరింటికి వస్తుందని కాశమ్మ చెప్పింది. మేం కూర్చున్నాం. ఆమె టీ ఇచ్చింది. అనంతపద్మనాభం గారు పంచె అంచు సర్దుకుంటూ నేల చూస్తూ ఉన్నారు. వీధిలో పిల్లలు క్రికెట్ ఆడుతున్నారు.

బేబీ వచ్చింది. మమ్మల్ని చూసి గేటు దగ్గరే ఆగింది. ఆయన కుర్చీలోంచి లేచారు. లెక్చరరు స్టూడెంటు కోసం లేవడం నేను అదే మొదటిసారి చూశాను.

"బిడ్డా, నీ లెక్క కరెక్టు" అన్నారు. "నాదే తప్పు. ప్రశ్న ఇచ్చినప్పుడే తప్పు ఇచ్చిన, దూరం ఎంతున్నదో చూసుకోలే. నీకు కొట్టేసిన. క్లాసుల అనరాని మాట అన్న."

ఆమె ముఖంలో ఏ మార్పూ లేదు. సంచి భుజం మీద నుంచి తీసి గోడకు తగిలించింది.

"లెక్క కరెక్టని నాకు అప్పుడే తెలుసు సార్" అంది. "అది చెప్పనీకి ఇంత దూరం ఎందుకొచ్చిన్రు?"

ఆయన జేబులోని కాగితం తీసి చాపారు, అందులో ఆయన కట్టిన లెక్క ఉంది. ఆమె తీసుకోలేదు.

అప్పుడు ఇశ్రాయేలు మాట్లాడాడు. ఆయన అప్పటిదాకా మా మాటలు ఒక్కొక్కటిగా పేర్చుకుంటున్నట్టు నిలబడి ఉన్నాడు.

"సార్, అంటే మా పాప తప్పు చెయ్యలే?"

"చెయ్యలే ఇశ్రాయేలు."

"ఆ దినం గూడ?"

"ఆ దినం గూడ."

ఆయన కూతురి వైపు తిరిగాడు. ఆమె ఆయన్ని చూడకుండా లోపలికి వెళ్ళిపోయింది. ఇశ్రాయేలు వాకిట్లోనే, తడి నేల మీద గొంతుక్కూర్చున్నాడు. "నేను మీ మాట నమ్మి కొట్టిన సార్" అన్నాడు. "అది చెప్పుతనే ఉన్నది. నేను దాని మాట నమ్మలే. సదువుకున్నోళ్ళు ముగ్గురు నిలబడ్డరు, ముగ్గురు గట్లనే అంటున్నరు, ఇగ నా బిడ్డదే తప్పుంటదనుకున్న." కాశమ్మ వచ్చి భుజం మీద చెయ్యి వేసింది. ఆయన ఆ చెయ్యి తీసేశాడు.

ముగ్గురు, అన్నాడు. నేను కుర్చీలో కూర్చునే ఉన్నాను. నాకు తెలుసని అప్పుడే చెప్పి ఉండాల్సింది. అనంతపద్మనాభం గారు నా వైపు ఒకసారి చూశారు. నన్ను బయటపెట్టలేదు. నేనూ నోరు తెరవలేదు.

మర్నాడు ఆయన మాధవ్ దగ్గరికి వెళ్ళారు. బేబీని ప్రత్యేక బ్యాచ్‌లోకి తీసుకోవాలని, ఆ క్షమాపణ కాగితం చించేయాలని అడిగారు. మాధవ్ తలుపు వేయించాడు. లోపల మాధవ్ ఏమన్నాడో బయటికి వచ్చాక ఆయనే నాతో చెప్పారు. పబ్లిక్ పరీక్షకు పేర్లు పంపే తేదీ దాటిపోయింది. హాజరు కూడా చాలదు. ఈ సంవత్సరం ఆ పిల్లకు చేయగలిగిందేమీ లేదు. పైగా కీ తప్పని తేలితే ఆ బ్యాచ్‌లోని ముప్పైమంది తల్లిదండ్రులు వచ్చి గేటు ముందు నిలబడతారు. "పద్మనాభం సార్, మీకేం, ఒక సారీ చెప్పి పోతరు. కాలేజీ నడిపేది నేను" అన్నాడట.

ఆయన తిన్నగా ప్రత్యేక బ్యాచ్ గదికి వెళ్ళారు. అది నా పీరియడ్. "పది నిమిషాలు ఇయ్యి" అని అడిగి బోర్డు ముందుకు వెళ్ళారు. బొమ్మ గీశారు. ఇరవై సెంటీమీటర్లు, పది సెంటీమీటర్లు గుర్తు పెట్టారు. ఆ ముప్పైమంది ముందు, ఆ బ్యాచ్‌లోకి తప్పు అంకెలతో వచ్చిన పిల్లల ముందు, లెక్క మొదటి నుంచి కట్టారు.

"మొదట్ల 'దూరం ఉన్నప్పుడు' అని చెప్పేటోణ్ణి" అన్నారు. "ఎప్పుడో ఒకనాడు ఆ మాట వదిలేసిన. పాటకు కుదురలే. మీరంతా తొమ్మిది వందలు రాసిన్రు, నేను రాయమన్నట్లే రాసిన్రు. మీతోని పరీక్ష రాసిన ఒక పిల్ల పదహారు వందలు రాసింది. ఆ పిల్లకు మార్కులు తీసేసిన, వాళ్ళ నాయిన పేరెత్తి నవ్వించిన. ఆమె పేరు బేబీ. ఇక్కడ ఉండాల్సింది."

పిల్లలు నోటుబుక్కులు తెరవలేదు. ఒక అమ్మాయి ఏడ్చింది, ఎందుకో నాకు తెలియదు. ఆయన డస్టర్‌తో బోర్డు తుడిచి నాకు అప్పగించి వెళ్ళారు.

ఆ శనివారానికల్లా ఈ సంగతి ఇళ్ళకు చేరింది. ఇద్దరు తండ్రులు వచ్చి అరిచారు. సోమవారం నుంచి అనంతపద్మనాభం గారి పీరియడ్లు కొత్త లెక్చరర్ పేరు మీద పడ్డాయి. తీసేశామని ఎవరూ చెప్పలేదు. టైంటేబుల్లో పేరు లేదు, అంతే. రెండు రోజులు స్టాఫ్‌రూముకు వచ్చి కూర్చున్నారు. మూడో రోజు రాలేదు.

ఆయన ప్రతి ఆదివారం జల్‌పల్లి వెళ్ళడం మొదలుపెట్టారు. వచ్చే సంవత్సరం ప్రైవేటుగా పరీక్ష రాయించాలని, తనే చెప్పాలని. బేబీ మొదటి రెండు ఆదివారాలు బయటికే రాలేదు. మూడోసారి వచ్చి, మర్యాదగానే చెప్పిందట: "సార్, మీరు రావద్దు. మీరు వస్తే బాపు ఆ దినమంత అన్నం తినడు." ఆ తర్వాత ఆయన వెళ్ళలేదు.

సూర్యప్రభ గారు తర్వాత నాతో అన్నారు, ఆ చలికాలం ఆయన ఇంట్లో ఎక్కువ మాట్లాడలేదని. సంగీతం పిల్లలు వస్తే లోపలి గదిలోకి వెళ్ళి తలుపు వేసుకునేవారట. మార్చి నెలలో పక్షవాతం వచ్చింది. కుడి వైపు పడిపోయింది. నేను చూడ్డానికి వెళితే గుర్తుపట్టారు, మాట రాలేదు. ఎడమ చేత్తో నా మణికట్టు పట్టుకుని చాలాసేపు వదల్లేదు. ఏదో అడుగుతున్నారని నాకు తెలుసు. ఏమడుగుతున్నారో కూడా తెలుసు. "ఇశ్రాయేలుకు చెప్తా సార్" అన్నాను. జూన్‌లో ఆయన పోయారు. నా కాంట్రాక్టు ఆ నెలలోనే మళ్ళీ రాశారు.

బేబీ మరుసటి ఏడాది పరీక్ష రాసింది. పాసయింది. ఫిజిక్స్ తప్ప అన్నిట్లో మంచి మార్కులే. ఫిజిక్స్‌లో గట్టెక్కేటన్ని తెచ్చుకుంది. ఇప్పుడు డిగ్రీలో కామర్సు చదువుతూ, అదే షెడ్డులో సగం పూట పని చేస్తోందని ఒకసారి బస్టాపులో కనిపించినప్పుడు కాశమ్మ చెప్పింది. ఇంట్లో తండ్రీకూతుళ్ళు మాట్లాడుకుంటారా అని అడిగాను. "అవసరముంటే మాట్లాడతది" అంది కాశమ్మ.

కిందటి నెల ఇశ్రాయేలు కనిపించాడు. సైదాబాద్ చౌరస్తాలో మోరీ మూత తీసి పని చేస్తున్నారు, ఆయన పైన నిలబడి తాడు పట్టుకుని ఉన్నాడు. నన్ను చూసి తల వంచి నమస్కారం పెట్టాడు. పెద్ద సార్ పోయిన సంగతి తెలిసిందనీ, బాధపడ్డాననీ అన్నాడు. "ఆయన ఇంటిదాంక వచ్చి తప్పు ఒప్పుకున్నడు సార్. గట్ల ఎవరొస్తరు" అన్నాడు. తర్వాత, తాడు చేతులు మార్చుకుంటూ అడిగాడు.

"మీకు గూడ అప్పుడు పాప లెక్క సమజ్ కాలే గదా సార్?"

కింద నుంచి ఎవరో తాడు లాగారు. ఆయన అటు వంగాడు. పని అయ్యేదాకా అక్కడే నిలబడి జవాబు చెప్పొచ్చు. నా క్లాసుకు ఇంకా అరగంట ఉంది.

"కాలే" అన్నాను.

ఆయన తల ఊపి, నమ్మి, మళ్ళీ పనిలో పడ్డాడు.